15.8 శాతం ఎవరి జేబులోకి వెళ్లింది?

అమెరికా ఫ్యాక్టరీల్లో యూనియన్‌లో ఉన్న కార్మికుడికి, లేని కార్మికుడికి జీతంలో తేడా ఎంత? చదువు, అనుభవం లాంటివి ఇద్దరికీ సమానంగా ఉన్నాయనుకుని మామూలు రిగ్రెషన్ లెక్క వేస్తే యూనియన్ సభ్యుడికి 15.8 శాతం ఎక్కువ అని వస్తుంది. హార్వర్డ్ ఆర్థికవేత్త గారీ చాంబర్లేన్ 1994లో అచ్చయిన తన వ్యాసంలో ఈ సంఖ్యతో పాటు మరి కొన్ని సంఖ్యలు ఇచ్చాడు. ఒకే రకమైన చదువు, అనుభవం ఉన్నవాళ్లలో తక్కువ జీతాల వైపు, అంటే కింది నుంచి పదో వంతు దగ్గర చూస్తే యూనియన్ తేడా 28 శాతం. అక్కడి నుంచి పైకి వెళ్తున్న కొద్దీ అది తగ్గుతూ పోయి, పై నుంచి పదో వంతు దగ్గరికి వచ్చేసరికి 0.3 శాతం. దాదాపు సున్నా.

15.8 అనే సగటు తప్పు లెక్క కాదు. కానీ దాన్ని చదివినవాడు ఫ్యాక్టరీలో ప్రతి ఒక్కరికీ సుమారు పదహారు శాతం లాభం ఉందని అనుకుంటాడు. నిజానికి ఆ లాభంలో ఎక్కువ భాగం వరుసలో కింద ఉన్నవాళ్లదే. పైన ఉన్నవాళ్లకు యూనియన్ ఉన్నా లేకపోయినా ఒకటే. యూనియన్ వద్దనేవాళ్లెవరు, కావాలనేవాళ్లెవరు అన్న ప్రశ్నకు సగటులో జవాబు దొరకదు. ఈ రెండు సంఖ్యల్లో దొరుకుతుంది.

చాంబర్లేన్ వాడిన పద్ధతి పేరు క్వాంటైల్ రిగ్రెషన్. రోజర్ కోయెంకర్, గిబ్ బాసెట్ 1978లో దీన్ని ఇప్పటి రూపంలో ప్రతిపాదించారు. క్వాంటైల్ అంటే మన పిల్లలు జేఈఈ మార్కుల పత్రంలో చూసే పర్సంటైల్ లాంటిదే, 0.1 క్వాంటైల్ అంటే పదో పర్సంటైల్. మామూలు రిగ్రెషన్ “ఇలాంటి మనిషికి సగటున జీతం ఎంత?” అని అడుగుతుంది. ఇది “ఇలాంటి మనుషులను జీతం ప్రకారం వరుసలో నిలబెడితే పదో పర్సంటైల్ దగ్గర ఎంత? మధ్యలో ఎంత? తొంభయ్యో పర్సంటైల్ దగ్గర ఎంత?” అని విడివిడిగా అడుగుతుంది.

లెక్క ఎలా నడుస్తుందో చూడడానికి పదిమంది చాలు. యూనియన్ లేని ఒక ఇటుకల బట్టీలో ఐదుగురి రోజు కూలి 400, 500, 600, 800, 1200 రూపాయలు అనుకుందాం. యూనియన్ ఉన్న ఇంకో బట్టీలో 600, 650, 700, 800, 1200. మొదటి బట్టీ సగటు 700, రెండోదాని సగటు 790. తేడా 90 రూపాయలు. సగటు ఇక్కడితో ఆగిపోతుంది. ఇప్పుడు వరుసలను పక్కపక్కన పెట్టి ఒకరికొకరిని పోల్చండి: అట్టడుగున 200 తేడా, రెండో స్థానంలో 150, మధ్యలో 100, పైన ఇద్దరి దగ్గర సున్నా. ఈ ఐదు తేడాలనూ కలిపి ఐదుతో భాగిస్తే మళ్లీ 90 వస్తుంది. అంటే వరుస పొడవునా ఉన్న తేడాలను కలిపేసి పరిచిందే సగటు తేడా. గీతలు సరిగ్గా అమరినంత వరకు పెద్ద లెక్కల్లో కూడా ఈ సంబంధం నిలుస్తుంది. అందుకే 28 నుంచి 0.3 దాకా జారే వరుసకు 15.8 సగటు కావడంలో వింత లేదు.

కానీ నిజమైన సర్వేలో మనుషులు ఇలా చక్కగా రెండు వరుసల్లో నిలబడరు. చదువు, వయసు, అనుభవం, ఊరు అన్నీ వేరువేరుగా ఉంటాయి. వాటన్నింటినీ లెక్కలోకి తీసుకుంటూ పర్సంటైల్ పట్టుకోవాలంటే వరుస పేర్చడం కాకుండా వేరే దారి కావాలి. ఆ దారి జరిమానా. మొదటి బట్టీలో ఒకడి కూలి ఎంతో ఊహించమన్నారు. ఊహ అసలు కంటే తక్కువైతే తేడాలో ప్రతి రూపాయికీ మూడు రూపాయల జరిమానా, ఎక్కువైతే రూపాయికి రూపాయే. మీరు 700 అంటే, 800 వాడి దగ్గర 100, 1200 వాడి దగ్గర 500 తక్కువ పడ్డారు. 600కు మూడు రెట్లు, 1800. మిగతా ముగ్గురి దగ్గర 300, 200, 100 ఎక్కువ పడ్డారు, 600. మొత్తం 2400. 800 అంటే మొత్తం 2100కు తగ్గుతుంది. 900 అంటే మళ్లీ 2200కు పెరుగుతుంది. కాబట్టి తక్కువ నష్టం 800 దగ్గర, అంటే వరుసలో నాలుగోవాడి దగ్గర. మూడుకు ఒకటి అనే జరిమానా మనల్ని 0.75 క్వాంటైల్ దగ్గరికి తీసుకెళ్లింది. తొమ్మిదికి ఒకటి పెడితే 0.9 దగ్గరికి, దాన్ని తిరగేసి ఒకటికి తొమ్మిది పెడితే 0.1 దగ్గరికి వెళ్తాం. రెండువైపులా సమానంగా పెడితే మధ్యగతం. ఒక్క సంఖ్యకు బదులు చదువు, అనుభవం, యూనియన్ సభ్యత్వం ఉన్న సమీకరణాన్ని పెట్టి ఇదే జరిమానాను తగ్గిస్తే అదే క్వాంటైల్ రిగ్రెషన్.

ఇందులో ఒక సంగతి గట్టిగా పట్టుకోవాలి. 0.1 గీతను గీయడానికి కూడా పదిమందీ కావాలి. కింది వాళ్లను మాత్రమే తీసుకుని లెక్క వేయడం లేదు. అందరినీ ఉంచి జరిమానాను మారుస్తున్నాం. ఇది తెలియక చాలామంది విద్యార్థులు డేటాను జీతం ప్రకారం ముక్కలు కోసి, తక్కువ జీతాల వాళ్లకు ఒక రిగ్రెషన్, ఎక్కువ జీతాల వాళ్లకు ఇంకో రిగ్రెషన్ వేస్తారు. చూడడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి. మన పదిమందినే 600 దగ్గర కోసి చూడండి. 600, అంతకంటే తక్కువ ఉన్నవాళ్లలో యూనియన్ లేనివాళ్లు 400, 500, 600, సగటు 500. యూనియన్ నుంచి ఒక్కడే మిగిలాడు, 600. తేడా 100 అని వస్తుంది. అసలు అడుగున ఉన్న తేడా 200, 150. ఇక 600 కంటే పైన చూస్తే ఇంకా విడ్డూరం. యూనియన్ లేని ఇద్దరి సగటు 1000. యూనియన్ ఉన్న నలుగురి సగటు 837 రూపాయల 50 పైసలు. యూనియన్ వల్ల పైవాళ్లకు 162 రూపాయల 50 పైసల నష్టం అని రిపోర్టులోకి ఎక్కుతుంది! అక్కడ నిజంగా ఉన్న తేడా సున్నా. యూనియనే కింది వాళ్లను 600 గీత దాటించి పై గుంపులోకి తెచ్చింది. ఆ వచ్చినవాళ్లే పై గుంపు సగటును కిందికి లాగారు. ఫలితాన్ని బట్టి గుంపులు చేస్తే ఈ తప్పు ఎప్పుడూ పొంచి ఉంటుంది. ఏదైనా అధ్యయనంలో “జీతం ప్రకారం నాలుగు భాగాలుగా విడదీసి” అనే మాట కనబడితే తర్వాతి పట్టికను అనుమానంగా చూడాలి.

మరి ఈ పద్ధతి ఎప్పుడు అవసరం? ప్రతిసారీ కాదు. దీనికి ఒక మంచి సాక్ష్యం అమెరికా జనగణనలో ఉంది. జాషువా ఆంగ్రిస్ట్, విక్టర్ చెర్నోజుకోవ్, ఇవాన్ ఫెర్నాండెజ్-వాల్ 2006లో, నలభైల్లో ఉన్న మగవాళ్ల జీతాల మీద ఒక్కో ఏడాది చదువు ప్రభావాన్ని పర్సంటైల్ వారీగా లెక్కించారు. 1980 జనగణనలో అది కింద 0.1 దగ్గర సుమారు 7.4 శాతం, పైన 0.9 దగ్గర 7.9 శాతం. దాదాపు బల్లపరుపు గీత. మామూలు రిగ్రెషన్ చెప్పింది 7.2 శాతం. ఆ ఏడాది డేటాతో పనిచేసేవాడికి సగటు చాలు. ఐదు పర్సంటైళ్ల పట్టిక పెడితే పాఠకుడి సమయం వృథా. 2000 జనగణనకు వచ్చేసరికి అదే లెక్క కింద 9.2 శాతం, పైన 15.7 శాతం అయింది. సగటు 11.4 అంటుంది. ఒకే చదువు ఉన్నవాళ్ల మధ్యే జీతాల ఎడం పెరిగిందని, పెద్ద చదువులు చదివినవాళ్లలో ఆ ఎడం మరింత ఎక్కువని ఇది చెబుతోంది. ఇక్కడ సగటు ఒక్కటే ఇస్తే అసలు వార్త దాచినట్టే.

అంటే ఎంపికకు మొదటి మెట్టు, రెండు లెక్కలూ వేసి గీత బల్లపరుపుగా ఉందా వాలుగా ఉందా చూడడం. అంతకంటే ముందు ఇంకో చిన్న చిక్కు ఉంది, దీన్ని చాలా వ్యాసాలు దాటేస్తాయి. జీతాన్ని రూపాయల్లో కొలిచామా, లాగరిథమ్‌లో అంటే శాతాల్లో కొలిచామా? ఒక శిక్షణ వల్ల అందరికీ సరిగ్గా పది శాతం పెరిగిందనుకోండి. 400 వాడికి 40 రూపాయలు, 1200 వాడికి 120. రూపాయల్లో గీత గీస్తే ప్రభావం పైకి ఎగబాకుతున్నట్టు కనిపిస్తుంది. “ధనికులకే ఎక్కువ లాభం” అని శీర్షిక రాసేయవచ్చు. లాగరిథమ్‌లో అదే డేటా బల్లపరుపు. రెండూ నిజమే, కానీ “ప్రభావం వరుస పొడవునా మారింది” అనే మాట ఏ కొలతలో అన్నామో చెప్పకపోతే దానికి అర్థం లేదు. జీతాల అధ్యయనంలో లాగరిథమ్ వాడడం ఆనవాయితీ. అందులో వాలు కనిపిస్తే, అది శాతాల్లోనే ఉన్న తేడా.

కంప్యూటర్ మీద ఈ పని ఇప్పుడు రెండు మూడు వరుసలు. కోయెంకర్ స్వయంగా రాసిన ఆర్ ప్యాకేజీలో ఇలా ఉంటుంది:

```
library(quantreg)
m <- rq(log(wage) ~ union + educ + exper,
        tau = c(.1, .25, .5, .75, .9), data = d)
summary(m, se = "boot")
```

ఇంత సులువు కావడమే చిక్కు తెచ్చిపెట్టింది. సంఖ్యలు క్షణంలో వస్తాయి. అవి ఎవరి గురించో తేల్చుకోవడానికి మాత్రం ఆగి ఆలోచించాలి.

ఎవరి గురించి? చాంబర్లేన్ సంఖ్యల్లో “కింది పదో వంతు” అంటే అమెరికా మొత్తంలో తక్కువ జీతం తెచ్చుకునే పదో వంతు కాదు. ఒకే చదువు, ఒకే అనుభవం ఉన్న తన సాటివాళ్లలో కింద ఉన్నవాడు. నెలకు ముప్పై వేలు తెచ్చుకునే హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరును తీసుకోండి. సాటి ఇంజనీర్ల వరుసలో అతను అడుగున ఉంటాడు. అతన్ని రాష్ట్రంలోని వ్యవసాయ కూలీలు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు, డ్రైవర్లతో కలిపి అందరి వరుసలో నిలబెడితే పైభాగంలోకి వెళ్తాడు. మామూలు క్వాంటైల్ రిగ్రెషన్ చూసేది సాటివాళ్ల వరుస. గణాంకవేత్తలు దీన్ని కండిషనల్ క్వాంటైల్ అంటారు. ప్రభుత్వమూ పత్రికలూ “పేదల జీతాల మీద ప్రభావం” అని అడిగేటప్పుడు వాళ్ల మనసులో ఉండేది అందరి వరుస. అది అన్‌కండిషనల్ క్వాంటైల్.

ఈ రెండూ వేరని తెలిసినా, ఫలితం అంత మారదులే అని అనుకునేవాళ్లు ఉన్నారు. యూనియన్ల మీదే వచ్చిన మరో లెక్క ఆ భ్రమను తీర్చింది. సెర్జియో ఫిర్పో, నికోల్ ఫోర్టిన్, థామస్ లెమ్యూ 2009లో అందరి వరుస మీద నేరుగా పనిచేసే రిగ్రెషన్‌ను ప్రతిపాదించి, 1980ల తొలి భాగపు అమెరికా మగ కార్మికుల డేటా మీద రెండు పద్ధతులనూ పక్కపక్కన నడిపారు. సాటివాళ్ల వరుసలో యూనియన్ ప్రభావం చాంబర్లేన్ చూసినట్టే కింది నుంచి పైకి తగ్గుతూ పోయింది. అందరి వరుసలో బొమ్మే మారిపోయింది: అట్టడుగున ప్రభావం చిన్నది, పైకి వెళ్తున్న కొద్దీ పెరిగి, సుమారు 35వ పర్సంటైల్ దగ్గర శిఖరానికి చేరి, ఆపైన పడిపోయి, చివర్లో సున్నా కంటే కిందికి, నష్టంలోకి వెళ్లింది.

ఎందుకిలా? యూనియన్ ఒకేసారి రెండు పనులు చేస్తుంది. ఒకే రకం కార్మికుల మధ్య ఎత్తుపల్లాలను చదును చేస్తుంది. సాటివాళ్ల వరుసకు కనిపించేది ఇదే. దాంతో పాటు తన సభ్యులందరి జీతాన్నీ మొత్తంగా కొంత పైకి లేపుతుంది. సమాజం మొత్తం వరుసలో ఆ సభ్యులు ఎక్కడ గుమిగూడి ఉన్నారో, ఎక్కడ పలచగా ఉన్నారో దాన్ని బట్టి ఈ రెండు శక్తులూ ఒక చోట కలిసి తోస్తాయి, ఇంకో చోట ఎదురెదురుగా లాగుతాయి. రెండు లెక్కలూ సరైనవే. “ఫ్యాక్టరీలో ఒకే పని చేసేవాళ్ల మధ్య అంతరాన్ని యూనియన్ తగ్గిస్తుందా?” అని అడిగేవాడికి సాటివాళ్ల వరుస కావాలి. “యూనియన్లు పెరిగితే దేశంలో తక్కువ జీతాల స్థాయి ఎలా మారుతుంది?” అని అడిగేవాడికి అందరి వరుస కావాలి. రెండోదాన్ని చదివేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది: ఆ గుణకం యూనియన్ సభ్యుల వాటా కాస్త పెరిగితే ఏమవుతుందో చెబుతుంది. దేశమంతా ఒక్కసారిగా యూనియన్‌లో చేరిపోతే ఏమవుతుందో చెప్పదు.

పిల్లల ఎదుగుదల అధ్యయనాల్లో ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పిల్లవాడి ఎత్తును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 ప్రమాణాలతో పోల్చి, వయసు, ఆడ-మగ తేడాలు తీసేసి ఒక స్కోరు ఇస్తారు. అది -2 కంటే తక్కువైతే ఎదుగుదల కుంటుపడినట్టు లెక్క. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో ఐదేళ్లలోపు పిల్లల్లో అలాంటివాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. అంటే అందరు పిల్లల వరుసలో ఆ -2 గీత ఆంధ్రలో 31వ పర్సంటైల్ దగ్గర, తెలంగాణలో 33వ దాని దగ్గర పడుతుంది. ఇప్పుడు తల్లి ఎత్తు, చదువు, ఇంటి ఆస్తి అన్నీ సమీకరణంలో పెట్టి 0.1 క్వాంటైల్ గీత గీశామనుకోండి. కలిగిన ఇంట్లో, పొడవైన తల్లికి పుట్టిన పిల్లల్లో పదో పర్సంటైల్ దగ్గర ఉన్నవాడి స్కోరు -2 కంటే బాగా పైన ఉండొచ్చు. అతను తన సాటి పిల్లల కంటే పొట్టి, అంతే. అతన్ని కూడా కలుపుకుని వచ్చిన గుణకాన్ని “పోషకాహార లోపమున్న పిల్లల మీద ప్రభావం” అని రాస్తే అది వేరే పిల్లల గురించి చెప్పడమే. తెలుగు రాష్ట్రాల్లో ఆ గీత దగ్గర ఏం జరుగుతుందో తెలియాలంటే అందరి వరుసలో 0.3 చుట్టుపక్కల చూడాలి. ఆ గీతకు కింద ఎంతమంది అన్నదే ప్రశ్న అయితే, క్వాంటైల్ వదిలేసి ఉందా-లేదా అనే మామూలు లాజిట్ వాడుకోవచ్చు. క్వాంటైల్ పనికొచ్చేది గీత కింద ఉన్నవాళ్లు ఎంత లోతున ఉన్నారన్న ప్రశ్నకు. నోరా ఫెన్‌స్కే, థామస్ క్నైబ్, టోర్‌స్టెన్ హోథార్న్ మన దేశపు సర్వే డేటాతో 2011లో చేసిన పనిలో సగటు మీద కాకుండా తక్కువ క్వాంటైళ్ల మీద దృష్టి పెట్టింది అందుకే.

ఇక ఫలితాన్ని కాగితం మీద పెట్టడం. క్వాంటైల్ అధ్యయనం చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఏ పర్సంటైళ్లు చూపిస్తామో డేటా చూడకముందే నిర్ణయించుకోవాలి. 0.1, 0.25, 0.5, 0.75, 0.9 చాలామంది వాడేవి. పందొమ్మిది చోట్ల లెక్క వేసి నక్షత్రం గుర్తు పడిన నాలుగు చోట్లు మాత్రమే పట్టికలో పెడితే అది ఏరుకోవడం. బొమ్మ గీస్తే కింద అడ్డంగా పర్సంటైల్, నిలువుగా గుణకం, దాని చుట్టూ విశ్వాస పరిధి పట్టీ, అదే బొమ్మలో మామూలు రిగ్రెషన్ గుణకానికి ఒక అడ్డగీత. ఈ అడ్డగీత లేని బొమ్మలు తరచు కనిపిస్తాయి. అది లేకపోతే సగటు నుంచి ఎంత తప్పుకున్నామో, ఎక్కడ తప్పుకున్నామో పాఠకుడికి తెలియదు.

పట్టీ అంచుల్లో వెడల్పవుతుంది, అది సహజం. ఒక పర్సంటైల్‌ను ఎంత కచ్చితంగా పట్టుకోగలమన్నది ఆ చుట్టుపక్కల ఎంతమంది మనుషులున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. ఐదు వందల మంది సర్వేలో 0.01 గీతకు కింద ఉండేది ఐదుగురే. ఆ ఐదుగురిని పట్టుకుని నిరుపేదల గురించి వాక్యం రాయకూడదు.

తర్వాత అసలైన పరీక్ష. కింద 0.28, పైన 0.003 వస్తే తేడా ఉన్నట్టు కంటికే తెలుస్తుంది. కానీ కింద 0.12, పైన 0.08 వస్తే? చాలామంది కింది గుణకానికి నక్షత్రం ఉంది, పైదానికి లేదు కాబట్టి ప్రభావం కిందివాళ్లకే అని రాసేస్తారు. అది పొరపాటు. ఒకటి సున్నా నుంచి వేరు, ఇంకోటి సున్నా నుంచి వేరు కాదు అన్నంత మాత్రాన ఆ రెండూ ఒకదాని నుంచి ఒకటి వేరని తేలిపోదు. 0.12లోంచి 0.08 తీసేస్తే వచ్చే 0.04కు సొంత ప్రామాణిక దోషం లెక్కించి చూపాలి. రెండు గుణకాలూ ఒకే మనుషుల నుంచి వచ్చినవి కాబట్టి వాటి మధ్య సంబంధం ఉంటుంది. అందుకే బూట్‌స్ట్రాప్‌లో ప్రతిసారీ ఒకే నమూనా మీద రెండు గీతలూ కలిపి వేయాలి. స్టాటాలో `sqreg` చేసేది ఇదే. సర్వే ఊళ్లవారీగా జరిగితే బూట్‌స్ట్రాప్ మనుషులను కాకుండా ఊళ్లను తీసుకోవాలి, లేకపోతే పట్టీ ఉండాల్సిన దానికన్నా సన్నగా కనిపిస్తుంది.

డేటాలో రెండు చోట్ల చూసుకోవాలి. ఒకటి, కూలి అడిగితే మనుషులు 300, 400, 500 అని గుండ్రంగా చెబుతారు. ఒకే సంఖ్య దగ్గర వందలమంది పోగుపడితే గీత ఆ సంఖ్య మీదే కూర్చుండిపోతుంది. చుట్టుపక్కల అనేక పర్సంటైళ్లలో గుణకం కచ్చితంగా సున్నా అని వచ్చి, ఒక్కసారిగా గంతేస్తుంది. బొమ్మలో మెట్లు మెట్లుగా కనిపిస్తే కార్మిక చట్టాల గురించి సిద్ధాంతం అల్లడానికి ముందు, కూలి సంఖ్యలు ఎక్కడెక్కడ పోగుపడ్డాయో లెక్కపెట్టాలి. రెండోది, సర్వేల్లో పెద్ద జీతాలను ఒక హద్దు దగ్గర కత్తిరించి రాస్తారు. సగటును ఇది పాడుచేస్తుంది. మధ్యగతానికి ఏమీ కాదు, ఎందుకంటే పైవాడు హద్దుకు ఎంత పైన ఉన్నా వరుసలో అతని స్థానం మారదు. మన గీత హద్దుకు కింద ఉన్నంత వరకు క్వాంటైల్ రిగ్రెషన్‌కు ఇది బలం. 0.95 గీత ఆ హద్దును తాకితే మాత్రం ఆ సంఖ్యను పట్టికలోంచి తీసేయాలి.

ఇంకో తనిఖీ గీతలు ఒకదాన్నొకటి దాటకపోవడం. 0.25 గీత ఎక్కడైనా 0.5 గీతకు పైకి వెళ్తే అర్థం లేనిది జరిగింది. పాతికో పర్సంటైల్ మధ్యగతం కంటే ఎక్కువ కాలేదు. డేటా పలచగా ఉన్న చివర్లలో, ఉదాహరణకు నలభై ఏళ్ల అనుభవం దగ్గర, కొద్దిగా దాటితే పెద్ద చింత లేదు. మనుషులు దట్టంగా ఉన్నచోట దాటితే మాత్రం సమీకరణంలో ఏదో వంకర ఉంది, బహుశా నిటారు గీత సరిపోని చోట నిటారు గీత పెట్టాం.

మిగిలింది మాట. “తక్కువ జీతం వాళ్లు యూనియన్‌లో చేరితే 28 శాతం లాభపడతారు” అనేది పత్రికకు నప్పే వాక్యం, కానీ లెక్క ఆ మాట చెప్పలేదు. రెండు వరుసల్లో ఒకే స్థానాన్ని పోల్చాం. ఒకే మనిషిని పోల్చలేదు. యూనియన్ లేనప్పుడు అడుగున ఉన్నవాడు యూనియన్ వచ్చాక కూడా అడుగునే ఉంటాడని ఎవరూ చూడలేదు. మన బట్టీలో 400 తెచ్చుకునేవాడు 700కు, 600 తెచ్చుకునేవాడు 650కు వెళ్లి ఉండొచ్చు. వరుసలు మాత్రం అలాగే కనిపిస్తాయి. పైగా యూనియన్‌లో ఎవరు చేరతారన్నది లాటరీ తీసి నిర్ణయించేది కాదు. చదువు, అనుభవం తక్కువగా ఉన్నవాళ్లలో యూనియన్ ఉద్యోగాల్లోకి చురుకైనవాళ్లు వస్తారని, అవి ఎక్కువగా ఉన్నవాళ్లలో దీనికి తలకిందులుగా జరుగుతుందని డేవిడ్ కార్డ్ 1996లో చూపించాడు. ఆ ఎంపిక కూడా కింద ప్రభావాన్ని పెంచి, పైన తగ్గించి చూపగలదు. క్వాంటైల్ రిగ్రెషన్ దీన్ని సరిదిద్దదు. సగటు లెక్కకు ఉన్న జబ్బే దీనికీ ఉంటుంది, వేరువేరు చోట్ల వేరువేరు మోతాదులో.

నేనైతే ఆ వాక్యాన్ని ఇలా రాస్తాను: “ఒకే చదువు, అనుభవం ఉన్న ఫ్యాక్టరీ కార్మికుల్లో, యూనియన్ సభ్యుల జీతాల పదో పర్సంటైల్, సభ్యులు కానివాళ్ల పదో పర్సంటైల్ కంటే సుమారు 28 శాతం ఎక్కువ, తొంభయ్యో పర్సంటైల్ దగ్గర తేడా 0.3 శాతం, సగటు తేడా 15.8 శాతం. యూనియన్‌లో చేరినవాళ్లూ చేరనివాళ్లూ సర్వేలో కనిపించని విషయాల్లో కూడా వేరుగా ఉండొచ్చు.” పొడుగు వాక్యమే. దాన్ని కుదించమని సంపాదకుడు అడిగితే మొదట 15.8ని తీసేయండి, “ఒకే చదువు, అనుభవం ఉన్న” అన్న నాలుగు మాటలను మాత్రం ఉంచండి.